విద్యా ట్రస్టుకు ఏ బడ్జెట్ పద్ధతి: జీతాలకు ఒకటి, బస్సులకు ఒకటి

"మా ట్రస్టు కింద విజయవాడలో రెండు, గుంటూరులో ఒక స్కూలు ఉన్నాయి. మొత్తం 2,600 మంది పిల్లలు, ఏడాదికి 11 కోట్ల ఖర్చు. అందులో జీతాలు 7.15 కోట్లు, 22 బస్సుల ఖర్చు 1.54 కోట్లు, అద్దెలు, కరెంటు, మరమ్మతులు 1.10 కోట్లు, మిగతావన్నీ కలిపి 1.21 కోట్లు. ఇన్నాళ్లూ పోయినేడాది లెక్కకు పది శాతం కలిపి బడ్జెట్ వేశాం. కొత్త ట్రస్టీ గారు జీరో బేస్డ్ చేయాలంటున్నారు, ఆడిటర్ గారు యాక్టివిటీ బేస్డ్ మంచిదంటున్నారు. అకౌంట్స్‌లో ముగ్గురమే ఉన్నాం. ఏది ఎంచుకోవాలి?"

నమస్కారం. మూడింటిలో ఏ ఒక్కదాన్నీ మొత్తం పదకొండు కోట్లకు వర్తింపజేయకండి. ఏ ఖర్చు దేనివల్ల పెరుగుతుందో, దేనివల్ల తగ్గుతుందో చూసి, దానికి తగిన పద్ధతిని ఆ ఖర్చు వరకే వాడుకోండి. నా సలహా ప్రకారం జీతాలకు పోయినేడాది మీద పెంపు పద్ధతినే కొనసాగించాలి గానీ, దాని పునాదిని సరిచేయాలి. బస్సులకు యాక్టివిటీ బేస్డ్ పద్ధతి, అంటే ఏ పని ఎంత ఖర్చు తెస్తుందో చూసి లెక్కకట్టే పద్ధతి, పెట్టాలి. మిగతా 1.21 కోట్లను మూడు భాగాలు చేసి, ఏడాదికి ఒక భాగాన్ని మాత్రమే జీరో బేస్డ్ కింద, అంటే పోయినేడాది అంకెను పక్కనపెట్టి ప్రతి ఖర్చునూ సున్నా నుంచి సమర్థించుకునేలా, పరిశీలించాలి. అద్దెలు ఒప్పందాల ప్రకారం, కరెంటు యూనిట్ల ప్రకారం ముందే తెలిసేవి కనుక వాటి గురించి ఇక్కడ ఎక్కువగా చెప్పను. గుంటూరు, కృష్ణా జిల్లాల్లో విద్యా ట్రస్టుల లెక్కలు ఇరవై ఏళ్లకు పైగా చూసిన అనుభవంతో ఈ విభజన చెబుతున్నాను.

ముందుగా జీతాలు. కొత్త ట్రస్టీ గారి ఉద్దేశం మంచిదే అయినా, ఉపాధ్యాయుల పోస్టులను సున్నా నుంచి సమర్థించుకోమని ఫిబ్రవరిలో అడిగితే ఆ మాట స్టాఫ్ రూముకు చేరడానికి ఒక్క పూట చాలు. మన ప్రాంతంలో మార్చి నుంచి మే వరకు స్కూళ్లన్నీ టీచర్ల కోసం వెతుకుతుంటాయి కనుక, లెక్కలు, ఫిజిక్స్ బాగా చెప్పేవారు ముందుగా వెళ్లిపోతారు. అంతకంటే ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. టీచర్ల సంఖ్య ఎవరి సమర్థన మీదా ఆధారపడదు, సెక్షన్ల సంఖ్య మీద ఆధారపడుతుంది. రోజుకు ఎనిమిది పీరియడ్ల చొప్పున ఒక సెక్షన్‌కు వారానికి 48 పీరియడ్లు ఉంటాయి. నోట్సులు దిద్దడానికి సమయం వదిలిపెట్టి ఒక టీచరుకు వారానికి 32 పీరియడ్లు ఇస్తే, ఒక్కో సెక్షన్‌కు ఒకటిన్నర మంది టీచర్లు కావాలి.

ఇక్కడ పది శాతం పెంపు ఎలా తప్పుతుందో చూడండి. సెక్షన్‌కు నలభై మందికి మించకూడదని మీ నియమం అనుకుందాం. ఆరో తరగతిలో 118 మంది ఉన్నంతవరకు మూడు సెక్షన్లు చాలు. జూన్‌లో 122 మంది చేరితే నాలుగో సెక్షన్ తెరవాలి. పిల్లలు పెరిగింది నలుగురే, కానీ ఒకటిన్నర మంది టీచర్ల జీతం ఒక్కసారిగా మీద పడుతుంది. నెలకు 26,000 జీతం, దానిలో మూల వేతనం 15,000 అనుకుంటే, యాజమాన్యం కట్టే పీఎఫ్, దానితో వచ్చే ఇతర చార్జీలు 13 శాతం చొప్పున 1,950, గ్రాట్యుటీ కేటాయింపు 4.81 శాతం చొప్పున సుమారు 720 కలిపి ఒక టీచరుకు నెలకు 28,670 రూపాయలు అవుతుంది. ఒకటిన్నర మందికి నెలకు 43,000, ఏడాదికి 5.16 లక్షలు. కాబట్టి జీతాల బడ్జెట్ వేసే ముందు చేయాల్సిన పని ఒక్కటే: ప్రతి తరగతిలో ప్రస్తుత సంఖ్య, పైతరగతికి వెళ్లేవారు, కొత్తగా చేరతారని అంచనా వేసినవారు, వాటినుంచి వచ్చే సెక్షన్ల సంఖ్య ఒక పట్టికలో రాసుకోవడం. నలభైకి ఒకరిద్దరు అటూ ఇటుగా ఉన్న తరగతులను వేరే రంగుతో గుర్తు పెట్టుకోండి. అడ్మిషన్లలో నిర్ణయం తీసుకోవాల్సింది ఆ తరగతుల దగ్గరే.

రెండో తప్పు పునాదిలో ఉంటుంది. మన ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఇంక్రిమెంట్లు మాత్రం స్కూళ్లు తెరిచే జూన్‌లో ఇస్తాం. పోయిన జూన్‌లో ఎనిమిది శాతం పెంచారనుకుంటే, మీ 7.15 కోట్లలో రెండు నెలలు పాత జీతాలు, పది నెలలు కొత్త జీతాలు కలిసి ఉన్నాయి. లెక్క కడితే మార్చి నెల జీతాల మొత్తం సుమారు 60.3 లక్షలు. వచ్చే ఏడాది ఎవరికీ ఒక్క రూపాయి పెంచకపోయినా పన్నెండు నెలలకు అది 7.24 కోట్లు అవుతుంది. అంటే దాదాపు తొమ్మిది లక్షల పెరుగుదల బడ్జెట్ సమావేశం జరగకముందే ఖాయమైపోయింది. అందుకే పోయినేడాది లెడ్జరు మొత్తాన్ని పునాదిగా తీసుకోవద్దు. మార్చి నెల జీతాల రిజిస్టరును పన్నెండుతో గుణించి, ఆ పైన జూన్ నుంచి ఇచ్చే పెంపును పది నెలలకు మాత్రమే కలపండి.

పెంపు పద్ధతిలో మరో లోపం ఏమిటంటే, పోయినేడాది లేని ఖర్చు వచ్చే ఏడాది బడ్జెట్‌లోకీ రాదు. గ్రాట్యుటీ దీనికి మంచి ఉదాహరణ. 2009లో వచ్చిన చట్ట సవరణ 1997 ఏప్రిల్ 3 నుంచి వర్తించేలా టీచర్లను గ్రాట్యుటీ పరిధిలోకి తెచ్చింది. ప్రైవేటు స్కూళ్లు దాన్ని సవాలు చేస్తే 2022లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. అయినా దానికి ఏటా కేటాయింపు చేయని ట్రస్టులను నేను ఇప్పటికీ చూస్తున్నాను. ఇరవై ఏళ్లు పనిచేసిన హెడ్‌మిస్ట్రెస్ గారు పదవీ విరమణ చేసిన నెలలో డబ్బుకు వెతుక్కోవడం ఆమెకూ గౌరవంగా ఉండదు, ట్రస్టుకూ ఉండదు. మీ లెడ్జర్లో ఆ పద్దు ఉందో లేదో ఈ రోజే చూడండి.

ఇక బస్సులు. మీ ఆడిటర్ గారి మాట అక్షరాలా సరైనది ఇక్కడే, ఎందుకంటే బస్సు ఖర్చు పిల్లల సంఖ్యతో పాటు పెరగదు. బస్సు రోడ్డు మీద ఉన్నందుకు కొంత ఖర్చవుతుంది, అది తిరిగిన కిలోమీటర్లకు మరికొంత ఖర్చవుతుంది. యాక్టివిటీ బేస్డ్ అంటే ఈ రెంటినీ విడదీసి, ఏ రూటు ఎంత వాడుకుంటే దానికి అంత వేయడమే. 1980ల్లో రాబర్ట్ కాప్లన్, రాబిన్ కూపర్ ఈ ఆలోచనను ఫ్యాక్టరీల కోసం అభివృద్ధి చేశారు. ఫ్యాక్టరీలో యంత్రం మార్చే పనులను లెక్కపెట్టినట్లే మనం బస్సులను, కిలోమీటర్లను లెక్కపెడతాం. అంతకు మించి పెద్ద సాఫ్ట్‌వేరు గానీ, కన్సల్టెంటు గానీ అవసరం లేదు.

ఒక డ్రైవరుకు 17,000, ఆయాకు 9,000 చొప్పున ఏడాదికి 3.12 లక్షలు, బీమా, ఫిట్‌నెస్, పన్ను, పర్మిట్ వంటివి 48,000 కలిపి ఒక బస్సుకు స్థిరంగా 3.60 లక్షలు అనుకుందాం. 22 బస్సులకు 79.2 లక్షలు. మిగిలిన 74.8 లక్షలు డీజిలు, టైర్లు, సర్వీసింగ్. మీ బస్సులన్నీ కలిసి ఏడాదికి 3.40 లక్షల కిలోమీటర్లు తిరిగితే, అంటే ఒక్కో బస్సు 220 పనిదినాల్లో రోజుకు దాదాపు డెబ్బై కిలోమీటర్లు తిరిగితే, కిలోమీటరుకు 22 రూపాయలు పడుతుంది. కొత్త బస్సు కొనడానికి పక్కన పెట్టాల్సిన సొమ్మును ఇందులో కలపలేదు, దానికి వేరే నిధి ఉండాలి.

మీ రూట్ల వివరాలు తెలియవు కనుక, నేను లెక్క చూసిన మరో ట్రస్టులోని రెండు రూట్లను ఈ రేట్లతో వేసి చూపిస్తాను. ఆ స్కూలు విజయవాడలో పటమట వైపు ఉంది. మొదటి బస్సు ఊళ్లోనే రెండు ట్రిప్పులు వేస్తూ రోజుకు 40 కిలోమీటర్లు తిరిగి 68 మందిని తెస్తుంది. ఏడాదికి 8,800 కిలోమీటర్లకు 1.94 లక్షలు, స్థిర ఖర్చు 3.60 లక్షలు, మొత్తం 5.54 లక్షలు. పిల్లవాడికి సుమారు 8,140 రూపాయలు పడుతుంది. ఫీజు 15,000 కాబట్టి ఆ బస్సు మీద 4.66 లక్షలు మిగులుతోంది. రెండో బస్సు ఉయ్యూరు వైపు 26 కిలోమీటర్ల దూరంలోని ఊరి నుంచి 24 మందిని తెస్తుంది, రోజుకు 104 కిలోమీటర్లు తిరుగుతుంది. ఏడాదికి 22,880 కిలోమీటర్లకు 5.03 లక్షలు, స్థిర ఖర్చుతో 8.63 లక్షలు. పిల్లవాడికి దాదాపు 36,000 అవుతుంది, ఫీజు మాత్రం 21,000. ఆ బస్సు మీద లోటు 3.59 లక్షలు.

మొత్తం మీద బస్సుల లోటు అన్న ఒక్క అంకె మాత్రమే ట్రస్టీలకు కనిపిస్తే, వాళ్లు అందరి ఫీజూ పది శాతం పెంచుతారు. అప్పుడు ఊళ్లోని తల్లిదండ్రులు, తమ పిల్లవాడికి అయ్యే ఖర్చుకు దాదాపు రెట్టింపు ఇప్పటికే కడుతున్నవారు, ఆటో మాట్లాడుకుంటారు. మిగులు చూపించే బస్సు ఖాళీ అవుతుంది, లోటు చూపించే బస్సు అలాగే తిరుగుతుంది. పెంచిన ఏడాదే లోటు ఇంకా పెరగడం నేను కళ్లారా చూశాను.

అయితే ఈ పద్ధతి ఇచ్చిన జవాబును గుడ్డిగా అమలు చేసినా ప్రమాదమే. ఉయ్యూరు రూటు నష్టం కదా, ఆపేద్దామని ఒక ట్రస్టీ గారు ప్రతిపాదించారు. బస్సును అమ్మి, డ్రైవరును, ఆయాను ఖాళీ అయిన వేరే పోస్టుల్లో సర్దితే 8.63 లక్షలు ఆదా అవుతాయి, కానీ 5.04 లక్షల బస్సు ఫీజు పోతుంది. మిగిలే ఆదా 3.59 లక్షలే. ఆ 24 మందిలో కొందరు స్కూలే మానేస్తారు. ఒక్కొక్కరి చదువు ఫీజు 42,000 అయితే, తొమ్మిది మంది మానేసిన క్షణాన ఆ ఆదా మొత్తం హరించుకుపోతుంది, ఎందుకంటే తరగతికి ఇద్దరు ముగ్గురు తగ్గినంత మాత్రాన ఏ సెక్షనూ మూతపడదు, ఏ టీచరు జీతమూ తగ్గదు. రూటుకు పడే ఖర్చు ఒక అంకె, రూటు ఆపితే తప్పే ఖర్చు మరో అంకె. యాక్టివిటీ లెక్క మొదటిదాన్ని చెబుతుంది, రెండోదాన్ని మీరే విడిగా వేసుకోవాలి.

ఆ రూటును నిలబెట్టింది ట్రిప్ షీటు. అందులో ఉదయం ఆరింటికి మొదటి వరుస "స్కూలు నుంచి ఊరికి, పిల్లలు సున్నా" అని ఉంది, సాయంత్రం చివరి వరుస "ఊరి నుంచి స్కూలుకు, పిల్లలు సున్నా" అని ఉంది. 104 కిలోమీటర్లలో 52 కిలోమీటర్లు బస్సు ఖాళీగా తిరుగుతోంది. డ్రైవరు సొంత ఊరు అదే కావడంతో, రాత్రి బస్సును అక్కడే ఒక రైసు మిల్లు ఆవరణలో నిలిపే ఏర్పాటు చేశారు. ఏడాదికి 11,440 కిలోమీటర్లు తగ్గాయి, ఈ రేట్ల ప్రకారం 2.52 లక్షలు మిగులుతాయి, లోటు దాదాపు లక్షకు పడిపోతుంది. డీజిలు పద్దుకు పది శాతం కలుపుకుంటూ పోతే ఆ రెండు సున్నాలు ఎవరి కంటా పడేవి కావు.

ఈ లెక్క నమ్మదగినదో కాదో తెలుసుకోవడానికి ఒక పరీక్ష ఉంది. అన్ని రూట్ల ఖర్చునూ కూడితే లెడ్జర్లోని 1.54 కోట్లు రావాలి. మూడు నాలుగు శాతానికి మించి తేడా వస్తే, ట్రిప్ షీట్లలో రాయని ప్రయాణాలు ఉన్నాయని అర్థం. విహారయాత్రలు, ఆటల పోటీలు, గ్యారేజీకి వెళ్లిరావడం సాధారణంగా అందులో ఉండవు. వాటిని పిల్లల రూట్ల మీద వేయకుండా విడిగా చూపించండి. మీటరు పనిచేయని బస్సు ఉంటే జీపీఎస్ లెక్క తీసుకోండి. డీజిలు బిల్లు నుంచి కిలోమీటర్లను వెనక్కి లెక్కకట్టడం మాత్రం వద్దు, అలా చేస్తే డీజిలు దొంగతనం కూడా కిలోమీటర్లుగా మారిపోతుంది.

మిగిలినది 1.21 కోట్లు: ప్రింటింగ్, డైరీలు, వార్షికోత్సవం, ప్రకటనలు, కంప్యూటర్లు, డిజిటల్ పాఠాల చందాలు, లైబ్రరీ, ఆటల సామగ్రి. కొత్త ట్రస్టీ గారి పద్ధతికి సరైన చోటు ఇది. పీటర్ పైర్ అమెరికాలోని టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ సంస్థలో జీరో బేస్డ్ పద్ధతిని రూపొందించి 1970లో దాని గురించి రాశారు. దాన్ని జార్జియా గవర్నరుగా జిమ్మీ కార్టర్ తన రాష్ట్రంలో ప్రవేశపెట్టారు. మన కేంద్ర ప్రభుత్వం కూడా 1980ల్లో దాన్ని అన్ని శాఖల్లో అమలు చేయాలని చూసింది. ఎక్కడైనా దాన్ని కుంగదీసింది కాగితాల భారమే. ప్రతి పనికీ ఒక పత్రం, ఆ పత్రానికి చదివే మనిషి కావాలి. ముగ్గురు మనుషులతో పదకొండు కోట్లనూ సున్నా నుంచి రాయడం మొదలుపెడితే, మార్చికల్లా మీరు పోయినేడాది అంకెలనే కొత్త ఫారాల్లో నింపుతుంటారు. ఏడాదికి నలభై లక్షలైతే ముగ్గురూ శ్రద్ధగా చూడగలరు.

ఒక్కో పద్దుకు ప్రిన్సిపాల్ గారి నుంచి ఒక పేజీ చాలు. ఈ ఖర్చు దేనికి, ఎందరు పిల్లలకు, పూర్తిగా ఆపేస్తే ఏం జరుగుతుంది, కనీస స్థాయిలో ఎంత, ఇప్పటి స్థాయిలో ఎంత అని అడగండి. డిజిటల్ పాఠాల చందాతో మొదలుపెట్టమని నా సలహా. ఒక ట్రస్టులో ఆ బిల్లు గదికి 9,500 చొప్పున 60 గదులకు వచ్చేది, ఏటా దానికి పెంపు కలుపుతూ పోయేవారు. జీరో బేస్డ్ పత్రం నింపడానికి ప్రిన్సిపాల్ గారు ఒక సాయంత్రం తాళం చెవుల గుత్తి పట్టుకుని గది గదికీ వెళ్లి చూస్తే, తెరలు వెలిగినవి 41 గదుల్లోనే. పంతొమ్మిది గదులకు ఏడాదికి 1.80 లక్షలు వృథాగా వెళ్తున్నాయి. పోయినేడాది బిల్లు ఉంది కనుక ఈ ఏడాదీ బిల్లు ఉండాలన్న అలవాటు తప్ప దానికి మరో ఆధారం లేదు.

ఈ పద్ధతిలో మోసం జరిగే చోటు కనీస స్థాయి అంకె. తమకు ఇష్టమైన కార్యక్రమాన్ని కనీస స్థాయిలో కలిపేసి, ఎవరూ కాదనలేని ప్రశ్నపత్రాల ముద్రణను అదనపు స్థాయిలో చూపించేవారు ఉంటారు. అందరి కనీస స్థాయిలను కూడితే పోయినేడాది ఖర్చులో తొంభై శాతం దాటితే, ఎవరూ నిజంగా ఆలోచించలేదని తెలుసుకుని పత్రాలను వెనక్కి పంపండి. ఫైర్ సేఫ్టీ, పీఎఫ్, బస్సుల ఫిట్‌నెస్ వంటి చట్టబద్ధమైన ఖర్చులను మాత్రం ఈ పరిశీలనకు పెట్టకండి.

మొదట ఏ పద్దులను సున్నా నుంచి చూడాలో తేల్చుకోవడానికి లెడ్జర్లో ఫిబ్రవరి, మార్చి నెలలు చూడండి. ఏ పద్దులో ఆ రెండు నెలల ఖర్చు మిగతా నెలల సగటుకు రెండింతలు దాటిందో, అక్కడ వచ్చే ఏడాది కేటాయింపు తగ్గుతుందన్న భయంతో కొనుగోళ్లు జరిగాయని అనుమానించవచ్చు. ట్రస్టు ఆదాయంలో 85 శాతం ఆ ఏడాదే లక్ష్యాల కోసం వినియోగించాలన్న ఆదాయపు పన్ను నిబంధన కూడా ఈ తొందరకు సాకు అవుతుంది. మిగులును నిర్దిష్ట ప్రయోజనం చూపి, గడువులోగా తెలియజేసి, ఐదేళ్ల వరకు కూడబెట్టుకునే వీలు ఆ చట్టంలోనే ఉంది. కొత్త బస్సులకో, ప్రయోగశాలకో డబ్బు అవసరమని తెలిసినప్పుడు మార్చిలో కుర్చీలు కొనాల్సిన పని లేదు. ఆ లెక్కను ఆడిటర్ గారితో డిసెంబరులోనే కూర్చుని చూసుకోండి.

సమయం విషయానికి వస్తే, ట్రిప్ షీట్లు మూడు నెలలైనా పక్కాగా ఉంటేనే రూట్ల లెక్క వేయగలరు కనుక అవి నవంబరుకల్లా మొదలవ్వాలి. జనవరిలో సెక్షన్ల పట్టిక, ఫిబ్రవరిలో జీరో బేస్డ్ పత్రాలు, మార్చి రెండో వారానికి ట్రస్టీల ఆమోదం. జూన్‌లో స్కూళ్లు తెరిచాక నిజంగా చేరిన పిల్లల సంఖ్య తెలుస్తుంది. జులై మొదటి వారంలో సెక్షన్ల పట్టికను, రూట్లలోని పిల్లల సంఖ్యను మాత్రం తిరిగి రాసి, ఆ రెంటి మేరకు బడ్జెట్‌ను సవరించండి. మిగతా పద్దులను డిసెంబరు వరకు కదపవద్దు.